ఉమ్మనీరు: నాలుగు మడుగుల కూడికా, ఒక్క మడుగు లోతా? ఏది మేలు?

బెంగళూరులో మారతహళ్లి దగ్గర గర్భిణులకు స్కాన్ చేయడం నా పని. చిత్తూరు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి రోజులో సగం మాటలు తెలుగులోనే నడుస్తాయి. మరో చోట తీసిన రిపోర్టు పట్టుకుని వచ్చేవాళ్లలో ఎక్కువమంది వేలు పెట్టి చూపించేది ఒకే అంకె. 'నీరు కమ్మి ఇదె', అంటే నీరు తక్కువ ఉందని, అక్కడి నర్సు కన్నడంలో చెప్పి ఉంటుంది. ఆ మాటతో ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. ఆ అంకె ఎంత అని అందరూ అడుగుతారు. దాన్ని ఏ పద్ధతిలో కొలిచారని మాత్రం దాదాపు ఎవరూ అడగరు. నా లెక్కలో అంకె కంటే ముందు తేల్చుకోవలసింది అదే.

ఉమ్మనీటిని కొలవడానికి వాడుకలో రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది ఏఎఫ్‌ఐ. బొడ్డు దగ్గర కలిసేలా నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి గీత ఊహించుకుని కడుపును నాలుగు భాగాలు చేస్తాం. ఒక్కో భాగంలో బిడ్డ చేతులూ కాళ్లూ, బొడ్డుతాడూ అడ్డం లేని నీటి మడుగు ఎంత లోతుందో సెంటీమీటర్లలో కొలిచి నాలుగూ కూడతాం. మొత్తం 5 లేదా అంతకంటే తక్కువైతే నీరు తక్కువ అంటారు. 24 దాటితే ఎక్కువ అంటారు, కొందరు 25 అంటారు. రెండోది ఎస్‌డీపీ. గర్భాశయమంతా వెతికి అన్నిటికంటే లోతైన ఒక్క మడుగును కొలవడం. అది కనీసం ఒక సెంటీమీటరు వెడల్పు ఉండాలి. లోతు 2 కంటే తక్కువైతే తక్కువ, 8 లేదా అంతకు పైన ఉంటే ఎక్కువ.

నాలుగు కొలతలు ఒకదాని కంటే నమ్మకం కదా అనిపిస్తుంది. నేనూ చదువుకునే రోజుల్లో అలాగే అనుకున్నాను. చిక్కేమిటంటే, ఉమ్మనీరు కుండలో పోసి పెట్టిన నీరు కాదు. నాలుగో నెల దాటాక అందులో ఎక్కువ భాగం బిడ్డ పోసే మూత్రమే. బిడ్డ దాన్నే మళ్లీ మింగుతుంది, మళ్లీ పోస్తుంది. కొంత ఊపిరితిత్తుల నుంచి వస్తుంది, కొంత పొరల గుండా రక్తంలోకి ఇంకిపోతుంది. 34 వారాల దగ్గర సుమారు 800 మిల్లీలీటర్లు ఉండే నీరు నెలలు నిండేకొద్దీ తానుగా తగ్గుతుంది. పైగా బిడ్డ ఒక్కసారి పక్కకు తిరిగితే ఒక మడుగు పూడి ఇంకొకటి తెరుచుకుంటుంది. అలా కదిలే నీటిని నాలుగు చోట్ల కొలిస్తే నాలుగు చిన్న పొరపాట్లు కూడా కూడికలోకి వచ్చి చేరతాయి.

ఈ మధ్య చూసిన ఒక కేసు చెబుతాను. కుప్పం వైపు అమ్మాయి, తొలి కాన్పు, 38 వారాలు. వేరే సెంటర్లో ఏఎఫ్‌ఐ 4.7 అని రాశారు. ఈ రోజే ఆపరేషన్ చేయించుకోమన్నారట. అత్తగారు బ్యాగు కూడా సర్దుకుని వచ్చారు. "తల్లీ, ఇంకొకసారి చూసి చెప్పమ్మా, కోయాలంటే కోయిస్తాం" అన్నారు.

పాత రిపోర్టులో నాలుగు భాగాలూ విడివిడిగా ఉండడం నా అదృష్టం. 2.3, 1.1, 0.9, 0.4. కూడితే 4.7, అంటే తక్కువ. కానీ అన్నిటికంటే లోతైనది 2.3, అంటే రెండో పద్ధతిలో మామూలే. ఒకే కడుపు, ఒకే చిత్రం, రెండు తీర్పులు. చిత్రాలు తిరగేస్తే ఇంకొకటి కనిపించింది. రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్ పెట్టి కొలిచారు. రంగు పెట్టగానే మామూలు నలుపు తెలుపు చిత్రంలో కంటపడని సన్నని బొడ్డుతాడు మెలికలు బయటపడతాయి, మడుగు కుదించుకుపోయినట్టు అవుతుంది. మనం వాడే 5, 2 అనే హద్దులు రంగు లేకుండా కొలిచినప్పటివి. రంగుతో కొలిచి ఆ హద్దులతో పోలిస్తే లేని కొరతను పుట్టించినట్టే.

రంగు తీసేసి, ప్రోబు కడుపు మీద నొక్కకుండా, మంచానికి నిట్టనిలువుగా పట్టుకుని మళ్లీ కొలిచాను. 2.9, 1.4, 1.2, 0.6. మొత్తం 6.1. పుష్కలం అని అనను, కానీ తక్కువ కూడా కాదు. బిడ్డ బరువు అంచనా 2.75 కిలోలు, బొడ్డుతాడు ధమనిలో రక్తప్రవాహం మామూలుగా ఉంది. ఆమె డాక్టరు బీపీ చూశారు, నీరు కారుతోందేమో లోపల పరీక్షించారు, బిడ్డ గుండె కదలికల పరీక్ష చేశారు. అన్నీ బాగున్నాయి. నడుం నొప్పికి ఏవైనా మాత్రలు వేసుకున్నావా అని నేను అడిగాను. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి 20 వారాల తర్వాత బిడ్డ మూత్రపిండాల పని తగ్గించి నీరు తగ్గిస్తాయి. మందుల షాపులో చీటీ లేకుండా దొరికిపోతాయి కాబట్టి అడగకపోతే ఎవరూ చెప్పరు. ఆమె వేసుకోలేదు. ఎండలో ప్రయాణం చేసి, ఆసుపత్రి హడావిడిలో ఉదయం నుంచి ఒక్క గ్లాసు నీళ్లే తాగింది.

తల్లి రెండు లీటర్ల నీళ్లు తాగితే కొన్ని గంటల్లో ఉమ్మనీరు కొంత పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. తల్లి రక్తం పలచబడితే మావి గుండా బిడ్డకు నీరు ఎక్కువగా చేరి, బిడ్డ ఎక్కువ మూత్రం పోస్తుంది. నీళ్లు బాగా తాగాక మరుసటి రోజు ఆమెకు లోతైన మడుగు 3.1, మొత్తం 7. కానీ ఇలా అంకె పెరిగినంత మాత్రాన బిడ్డకు కాన్పులో మేలు జరుగుతుందని రుజువు లేదు. అందుకే దాన్ని వైద్యంగా కాక, ఎండిపోయిన తల్లిని మామూలు స్థితికి తెచ్చి మళ్లీ కొలవడంగానే చూస్తాను. సెలైన్‌లో అమైనో ఆమ్లాలు ఎక్కించే అలవాటు గురించి నా అభిప్రాయం అంతకంటే తక్కువ.

2016లో వెలువడిన జర్మనీ అధ్యయనం ఒకటి ఈ రెండు పద్ధతులనూ సూటిగా పోల్చింది. నెలలు నిండిన వెయ్యిమందికి పైగా గర్భిణులను చీటీ వేసినట్టు రెండుగా విడగొట్టి, ఒక గుంపుకు ఏఎఫ్‌ఐ, ఇంకో గుంపుకు ఒక్క మడుగు కొలిచారు. ఏఎఫ్‌ఐ గుంపులో నూటికి సుమారు పదిమందికి నీరు తక్కువని తేలింది, రెండో గుంపులో ఇద్దరికే. ఆ మేరకు మొదటి గుంపులో మందులతో నొప్పులు తెప్పించడమూ పెరిగింది. పుట్టిన పిల్లల్లో నవజాత శిశువుల ఐసీయూలో చేర్చవలసి వచ్చినవాళ్ల సంఖ్యలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఏఎఫ్‌ఐ ఎక్కువమందిని భయపెట్టింది, ఎక్కువమందిని కాపాడలేదు. నెలలు నిండాక నీరు తక్కువా కాదా అని తేల్చడానికి ఒక్క మడుగు కొలతే మేలని నేను నిక్కచ్చిగా చెప్పడానికి కారణం ఇదే. కవలలైతే వేరే మాటే లేదు. ఇద్దరి మధ్య పొర అడ్డం ఉన్నప్పుడు నాలుగు భాగాల కూడికకు అర్థం ఉండదు, ఎవరి సంచిలో వాళ్ల మడుగును కొలవాలి.

ఒక్క మడుగు కొలతకూ లోపం ఉంది. మూలన ఒక్క మడుగు 2.1 ఉండి మిగతా అంతా పొడిగా ఉన్నా పరీక్ష గట్టెక్కినట్టే లెక్క. తల్లికి బీపీ ఉంటే, బిడ్డ ఎదుగుదల తగ్గి ఉంటే, ఆ 2.1ని చూసి ఇంటికి పంపను. మావి సరిగా పోషించనప్పుడు బిడ్డ తన రక్తాన్ని మెదడుకు, గుండెకు మళ్లించుకుంటుంది, మూత్రపిండాలకు వెళ్లేది తగ్గుతుంది, నీరు తగ్గుతుంది. అక్కడ నీటి కొరత జబ్బు కాదు, జబ్బు బయటపెట్టిన జాడ. ఇక ఐదో నెలలోనే నీరు లేకపోవడం పూర్తిగా వేరే కథ. ఆ దశలో ఊపిరితిత్తులు ఎదగడానికే ఆ నీరు కావాలి. మూత్రపిండాలు ఏర్పడ్డాయా, మూత్రనాళం మూసుకుపోయిందా, పొర పగిలిందా అని చూడాలి. అప్పుడు పద్ధతుల మీద వాదులాడే వ్యవధి ఉండదు.

కుప్పం అమ్మాయిని వారానికి రెండుసార్లు చూశాం. 39 వారాల 2 రోజులకు లోతైన మడుగు 1.7కు దిగింది, నాలుగూ కలిపితే 3.4. ఈసారి రెండు పద్ధతులూ ఒకే మాట అన్నాయి. ఆమె డాక్టరు ఆ సాయంత్రమే నొప్పులు తెప్పించే మందు పెట్టారు. మరునాడు మామూలు కాన్పు అయింది, పాప 2.9 కిలోలు. మొదటి రోజే ఆపరేషన్ చేసి ఉంటే కూడా పాప బాగానే ఉండేదేమో. కానీ ఆ అమ్మాయి కడుపు మీద కోత, తర్వాతి కాన్పుకు ఒక చిక్కు మిగిలేవి.

నీరు ఎక్కువైనప్పుడు నా మొగ్గు కొంచెం మారుతుంది. ఎక్కువని తేల్చడానికి రెండూ పనికొస్తాయి. కానీ వారం వారం పెరుగుతోందా తగ్గుతోందా చూడడానికి ఏఎఫ్‌ఐ అనుకూలం, అదీ ఒకే మనిషి కొలిస్తే. 32 వారాల ఒకావిడకు ఏఎఫ్‌ఐ 26.4, లోతైన మడుగు 8.9 వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు ఆమెను రోజుకు నాలుగు గ్లాసుల నీళ్లకే పరిమితం చేశారు. నీళ్లు మానేస్తే ఉమ్మనీరు తగ్గదు, ఆమెకు తలనొప్పి వస్తుంది, అంతే. బిడ్డ మింగలేకపోతే నీరు పేరుకుంటుంది కాబట్టి బిడ్డ పొట్ట నిండి కనిపిస్తోందా, పేగు మొదట్లోనే మూసుకుని రెండు బుడగల్లా కనిపిస్తోందా అని చూశాను. పొట్ట మామూలుగానే ఉంది. చాలామందిలో ఎంత వెతికినా కారణం దొరకదు, అలాంటి కొద్దిపాటి ఎక్కువ చాలాసార్లు ఇబ్బంది లేకుండానే గడిచిపోతుంది. ఈమెకు దొరికింది. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చూస్తే చక్కెర 168. హద్దు 140. తల్లి చక్కెర బిడ్డకు చేరి, బిడ్డ ఎక్కువ మూత్రం పోస్తోందన్నమాట.

అన్నం కొలత తగ్గించి, భోజనం తర్వాత నడక మొదలుపెట్టాక 36 వారాలకు ఏఎఫ్‌ఐ 22కు దిగింది. అంతవరకూ ఆమెకు నేను గట్టిగా చెప్పిన జాగ్రత్త ఒకటే. నీరు ఒక్కసారిగా పగిలి ధారగా పోతే, నొప్పులు రాకపోయినా సరే, పక్కకు తిరిగి పడుకుని వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి. నీరు ఎక్కువ ఉన్నప్పుడు బిడ్డ తల కిందికి కుదురుకుని ఉండదు, ఆ ధారతో బొడ్డుతాడు ముందు జారిపోయే ప్రమాదం ఉంది. రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఆటో కోసం నిలబడి ఎదురుచూడవద్దని, అంబులెన్సుకు 108 కొట్టమని వాళ్లాయనకు కూడా చెప్పాను.