బయోలో లింకు: నేరుగా వాట్సాప్‌కా, లింకుల పేజీకా?

మా వదిన ఆవకాయ, గోంగూర పచ్చడి పెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతుంది. మొదట బయోలో నేరుగా వాట్సాప్ లింకే పెట్టాం: `https://wa.me/` తర్వాత 91, ఆపైన పది అంకెల నంబర్, మధ్యలో ప్లస్ గానీ ఖాళీ గానీ లేకుండా. చివర `?text=Avakaya` చేర్చితే మెసేజ్ ముందే టైప్ అయి ఉంటుంది, కస్టమర్ పంపితే చాలు. కొనాలని వచ్చినవాళ్లకు ఇంతకంటే దగ్గర దారి లేదు. కానీ "రేటెంత?", "అమెరికాకి పంపుతారా?" అని అడిగేవాళ్లూ అక్కడికే వచ్చేవారు. రాత్రి పదకొండుకి కూడా ఫోన్ మోగేది.

తర్వాత లింకుల పేజీకి మారాం. పైన ఆర్డర్, కింద ధరలు, దాని కింద విదేశాలకు పంపే వివరాలు. మూడే బటన్లు. ప్రశ్నలు తగ్గాయి, కానీ కొనేవాళ్లకు ఒక నొక్కు పెరిగింది. అందుకే ఆర్డర్ బటన్ స్క్రోల్ చేయకుండా కనపడాలి. బటన్ మీద "ఇక్కడ నొక్కండి" అని కాకుండా "వాట్సాప్‌లో ఆర్డర్" అనే రాయాలి.

ఓసారి ఆర్డర్ బటన్‌కి గూగుల్ ఫారం పెట్టాం, ఆర్డర్లు ఆగిపోయాయి. ఒకరికి ఒకే జవాబు అనే సెట్టింగ్ ఆన్‌లో ఉండటంతో లాగిన్ అడుగుతోంది! మన ఫోన్‌లో అప్పటికే లాగిన్ ఉంటుంది కాబట్టి తెలియదు. వేరేవాళ్ల ఫోన్‌లో, ఇన్‌స్టా నుంచే తెరిచి చూడాలి.

అమ్మేది ఒక్కటే, ధర పోస్టులోనే ఉంటే నేరుగా వాట్సాప్ లింకే నయం. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతుంటే పేజీ పెట్టుకోండి, వీలైతే సొంత డొమైన్‌లో. రేపు సర్వీసు మార్చినా పాత పోస్టర్ల మీది అడ్రస్ పనిచేస్తుంది.