టీపీఎం లాకౌట్: కరెంటు పోయినా తప్పు లెక్కే

తిరుపతి బస్టాండు దగ్గర మా లాడ్జి కౌంటర్లో ఈ విండోస్ మినీ పీసీ చాన్నాళ్లుగా నడుస్తోంది. స్పీడు, పోర్టుల సంగతి అందరికీ తెలిసిందే. నా కోపమంతా లోపల పిన్‌కు, రహస్య కీలకు కాపలా కాసే టీపీఎం చిప్ తప్పు పిన్‌లు లెక్కపెట్టే పద్ధతి మీద.

వేసవిలో ఒక గాలివాన సాయంత్రం, యాత్రికులు ఆధార్ కార్డులు పట్టుకుని నిలబడి ఉండగా పిన్ పనిచేయడం మానేసింది. మిషన్‌ను కనీసం రెండు గంటలు ఆన్‌లో ఉంచి మళ్లీ ప్రయత్నించమని తెర మీద వచ్చింది. "నేను కరెక్టుగానే కొట్టినాన్నా" అని కౌంటర్ పిల్లోడు మొత్తుకున్నాడు. పాస్‌వర్డ్‌తో లోపలికెళ్లి, పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి చూశాను.

```
Get-Tpm
```

`LockedOut` ఎదురుగా `True`, `LockoutCount` 32, `LockoutMax` కూడా 32. అంటే తప్పుల లెక్క హద్దుకు చేరి తాళం పడింది.

పిల్లోడు చెప్పింది నిజమే. అంతకుముందు షిఫ్టులో ఉన్న కొత్తబ్బాయి మార్చేసిన పాత పిన్నే కొడుతూ, రీస్టార్ట్ చేస్తూ, మళ్లీ కొడుతూ కూర్చున్నాడట. ఆ తప్పులు చిప్‌లో అలాగే ఉన్నాయి. తర్వాత సరైన పిన్ కొట్టినంత మాత్రాన అవి చెరిగిపోవు. ఆపైన కరెంటు పోతూ వస్తూ ఉంది. పిన్ వాడాక మిషన్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఠపీమని ఆగితే, మళ్లీ ఆన్ అయినప్పుడు చిప్ దాన్నీ ఒక తప్పుగా కలిపేస్తుంది. కరెంటు తీసి లెక్క తప్పించుకునే దొంగను ఆపడానికే ఈ ఏర్పాటు. న్యాయమే కానీ, మా వీధి కరెంటుకు ఇది శిక్ష.

సర్వీసుకు వచ్చినతను టీపీఎం క్లియర్ చేసేద్దామన్నాడు. ఒప్పుకోలేదు. అలా చేస్తే చిప్‌లోని కీలన్నీ పోతాయి, డిస్క్‌ను ఎవరూ చదవకుండా కాపాడే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. లాకౌట్‌ను మాత్రమే తీసే టీపీఎం ఓనర్ పాస్‌వర్డ్‌ను విండోస్ 10 1607 వెర్షన్ నుంచి విండోస్ మామూలుగా భద్రపరచడం లేదు. ఇక మిగిలింది ఆగడమే.

మిషన్ ఆగకుండా ఆన్‌లో ఉంటే, కొత్త తప్పు పడకుండా గడిచిన ప్రతి 10 నిమిషాలకు లెక్కలో ఒకటి తగ్గుతుంది. 31కి దిగాక ఒకే ఒక్క అవకాశం. అప్పుడు పిన్ తప్పితే మళ్లీ 32, మళ్లీ తాళం. పూర్తిగా సున్నాకు రావాలంటే 320 నిమిషాలు పడుతుంది. ఆపేసిన సమయం లెక్కలోకి రాదు. మధ్యలో రీస్టార్ట్ చేస్తే ఆ పది నిమిషాలు మొదటినుంచే.

తాళం దానంతట అదే తెరుచుకుంటుందని మొదట్లో అందరికీ మెచ్చుకుంటూ చెప్పాను. ఇప్పుడూ అదే చెబుతాను, కాకపోతే కరెంటు నిలకడగా ఉంటేనే. బ్యాటరీ బాగున్న ల్యాప్‌టాప్ వాళ్లకు ఈ బాధ దాదాపు ఉండదు. మాలాగా షిఫ్టుకో మనిషి కూర్చునే కౌంటర్లో మినీ పీసీ పెడితే, దాంతోపాటే యూపీఎస్ కొనండి, పాస్‌వర్డ్ తెలిసిన మనిషి ఒకరు అందుబాటులో ఉండేలా చూసుకోండి.