గేదెకు ఏడాది బీమానా, మూడేళ్ల బీమానా?

పాడి గేదెకు రాయితీ బీమా చేయించబోతే మొదట ఎదురయ్యే ప్రశ్న ఇది. 2024 సవరణ తర్వాత జాతీయ పశుసంపద మిషన్ కింద ప్రీమియంలో రైతు వాటా 15 శాతమే. మిగతాది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు భరిస్తాయి.

లెక్క కోసం గేదె విలువ 60,000 రూపాయలు అనుకుందాం. ప్రీమియం ఏడాదికి 4 శాతమైతే మొత్తం 2,400, అందులో రైతు కట్టేది 360. మూడేళ్లకు కలిపి 10 శాతమైతే 6,000, రైతు వాటా 900. ఏడాదికోసారి కడితే మూడేళ్లలో 1,080 అవుతుంది. నిజమైన రేట్లు టెండరును బట్టి మారతాయి. ఆ 180 రూపాయల కోసమే అయితే నేను ఇంత రాసేవాడిని కాదు.

అసలు తేడా పునరుద్ధరణ మరిచిపోయినప్పుడు తెలుస్తుంది. పాలసీ తెగి, మళ్లీ కొత్తగా తీసుకుంటే తొలి రోజుల్లో, సాధారణంగా 15 రోజుల వరకు, జబ్బుతో చనిపోయిన పశువుకు పరిహారం రాదు. వర్షాకాలం ముంగిట గొంతువాపు తిరిగే రోజుల్లో ఆ ఖాళీ పడిందంటే కట్టిన డబ్బు దండగే. మూడేళ్ల పాలసీలో ఈ బెడద ఒక్కసారితో పోతుంది.

కానీ మూడేళ్లలో చెవిపోగు ఊడిపోయే అవకాశం ఎక్కువ. పోగు మీది 12 అంకెల సంఖ్యే ఆ పశువుకు గుర్తింపు. చచ్చిన గేదె చెవికి పోగు లేకపోతే కంపెనీ క్లెయిము తిరస్కరిస్తుంది. మా పక్కింటివారి గేదె పోగు కంచెకు తగిలి తెగితే, తర్వాత చెబుదామనుకున్నారు. నెల తిరగకుండా గేదె పోయింది, పరిహారమూ పోయింది. పోగు ఊడిన రోజే బీమా కంపెనీకి, పశువైద్యుడికి చెప్పి కొత్తది వేయించి, ఆ సంఖ్యను పాలసీలో ఎక్కించాలి. ఈ పాటి శ్రద్ధ పెట్టగలిగితే మూడేళ్లదే మేలు.

పశువు చనిపోతే ఏ పాలసీకైనా దారి ఒకటే. వెంటనే, ఆలస్యమైనా 24 గంటల్లోపు, కంపెనీకి తెలపాలి. పోగు కనిపించేలా కళేబరం ఫొటోలు తీయాలి. పశువైద్యుడు పోస్టుమార్టం చేసేదాకా పాతిపెట్టకూడదు. పోగును తీసి భద్రపరచి, క్లెయిము ఫారం, పాలసీ పత్రం, పోస్టుమార్టం నివేదికతో పాటు అప్పగించాలి. ఎండలో కళేబరం ఉబ్బిపోతోందని తొందరపడి పాతిపెట్టేవారే ఎక్కువగా నష్టపోతారు. టీకా వేయించని గొంతువాపు, జబ్బవాపు, గాలికుంటు మరణాలకు కూడా చాలా పాలసీలు మొండిచెయ్యి చూపుతాయి. కనుక టీకా వేసిన తేదీ రాయించి ఉంచుకోవాలి.

గేదెకు తొమ్మిదేళ్లు దాటితే మాత్రం ఏడాది పాలసీ అడగండి. బీమాకు గేదె వయసు సాధారణంగా 12 ఏళ్ల వరకే. పశువును అమ్మే ఆలోచన ఉన్నా అంతే. పాలసీని కొన్నవారి పేరిట మార్చవచ్చు గానీ, సంత నుంచి బండెక్కించేటప్పుడు ఆ కాగితం గురించి ఎవరికీ గుర్తుండదు.