రిమోట్‌కో రకం, టార్చికో రకం, గడియారానికో రకం: ఏ సెల్ మేలు?

గల్లీ చివరి కిరాణా కొట్టుకెళ్లి "అన్నా, రెండు పెన్సిల్ సెల్స్ ఇవ్వు" అంటే హైదరాబాద్‌లో ఎక్కువసార్లు చేతికొచ్చేది ఆల్కలైన్ కాదు, పాత తరహా జింక్ సెల్. ఏది ఇచ్చాడో తెలియాలంటే పైన చిన్న అక్షరాల్లో ఉండే కోడ్ చూడండి. R6 అంటే మామూలు జింక్, LR6 అంటే ఆల్కలైన్, FR6 అంటే లిథియం, HR6 అంటే రీచార్జబుల్. సన్న సెల్లయితే 6 బదులు 03 ఉంటుంది. L చూసి లిథియం అనుకునేవాళ్లు చాలామంది, అది ఆల్కలైన్ గుర్తు. ఇక 14500 అని ఉంటే ముట్టుకోకండి. సైజు పెన్సిల్ సెల్లంతే ఉన్నా అది 3.7 వోల్టులది, టార్చిలోని బల్బునో, రిమోట్‌లోని సర్క్యూట్‌నో కాల్చేస్తుంది.

మిగిలిన రెండింటి కంటే తలనొప్పి టార్చితోనే. మే నెల గాలివానకి కరెంటు పోయినప్పుడు తప్ప దాన్ని ఎవరూ తియ్యరు. నెలల తరబడి ఊరికే పడుండి, తీసిన నిమిషం నుంచి ఎక్కువ కరెంటు గుంజుతుంది. ఆల్కలైన్‌కి ఈ రెండూ పడవు.

రెండు పెన్సిల్ సెల్స్ వేసే ఎల్ఈడీ టార్చి అర యాంపియర్ లాగుతుందనుకుందాం. గడియారంలాంటి నెమ్మది పనిలో 2,500 మిల్లీయాంపియర్ అవర్లు ఇచ్చే ఆల్కలైన్ సెల్, ఇంత లాగుడు ముందు సుమారు 1,500 దగ్గరే చేతులెత్తేస్తుంది. అంటే దాదాపు మూడు గంటలు. అదీ మొదటి అరగంట నుంచే వెలుగు తగ్గుతూ వస్తుంది. 2,000 అని రాసున్న రీచార్జబుల్ మాత్రం రాసినంతలో చాలావరకు ఇస్తుంది కాబట్టి నాలుగు గంటలకు దగ్గరగా వస్తుంది. దాని వోల్టేజీ 1.2 మాత్రమే కదా అని సందేహం రావచ్చు. కానీ అది చివరిదాకా అక్కడే నిలబడుతుంది, ఆల్కలైన్ 1.5 దగ్గర మొదలై జారుతూ పోతుంది. రీచార్జబుల్‌తో చిక్కల్లా ముందస్తు హెచ్చరిక లేకపోవడమే. బాగా వెలుగుతూ వెలుగుతూ ఒక్కసారిగా ఆరిపోతుంది.

కొనేటప్పుడు చార్జి నిలుపుకునే రకమే తీసుకోండి, ప్యాకెట్ మీద లో సెల్ఫ్ డిశ్చార్జ్ అనో, ప్రీ-చార్జ్‌డ్ అనో ఉంటుంది. వాడకుండా ఏడాది ఉంచినా అందులో చాలా భాగం చార్జి మిగులుతుంది. ఆ మాట లేని పాత రకమైతే కొన్ని నెలల్లోనే దానంతటదే ఖాళీ అవుతుంది.

బీరువాలో పెట్టి మరిచిపోయే అత్యవసర టార్చికి మాత్రం లిథియమే. ధర ఆల్కలైన్‌కి ఎన్నో రెట్లు, నిజమే. కానీ కారడం చాలా అరుదు, ఇరవై ఏళ్ల వరకు నిల్వ ఉంటుందని తయారీదార్లు చెబుతారు, 60 డిగ్రీల వేడిని కూడా తట్టుకుంటుంది. ఎండలో పార్క్ చేసిన కారు డాష్‌బోర్డు మీద మాత్రం ఏ సెల్లూ వద్దు, అక్కడి వేడి అంతకంటే పైకి పోగలదు.

రిమోట్ విషయం చిన్నదే. బటన్ నొక్కిన ఆ క్షణమే కరెంటు తీసుకుంటుంది కాబట్టి సెల్ ఏడాదో రెండేళ్లో వస్తుంది. అక్కడ భయమంతా కారడం గురించే. అయిపోయిన ఆల్కలైన్‌ని లోపలే వదిలేస్తే గ్యాస్ పుట్టి సీలు తన్నుకొస్తుంది, స్ప్రింగు చుట్టూ తెల్లటి పొడి పేరుకుంటుంది. అది క్షారం. చేతికి తగలకుండా దూదిని నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో ముంచి తుడవండి, బాగా ఆరాకే కొత్తవి వెయ్యండి. ఒక పాతది, ఒక కొత్తది కలిపి వేస్తే బలహీనమైనది పూర్తిగా పిండబడి మొదట కారేది అదే. ఏసీ రిమోట్‌లోంచి చలికాలమంతా సెల్స్ తీసి పక్కన పెట్టడం మంచి అలవాటు. కొత్తవి కొనేముందు ఒకసారి రిమోట్ ముక్కుని ఫోన్ ముందు కెమెరాకి చూపించి బటన్ నొక్కండి. ఊదా రంగు వెలుగు గట్టిగా మిణుకుమంటే సెల్స్ బాగానే ఉన్నాయి, లోపం టీవీ వైపు వెతకాలి.

గోడ గడియారానికి లిథియం దండగ. సుమారు 0.2 మిల్లీయాంపియర్ తీసుకునే యంత్రానికి 2,500 ఆల్కలైన్ పదహారు, పదిహేడు నెలలు వస్తుంది, చౌక జింక్ సెల్ అందులో సగమైనా రావడం కష్టం. పైగా కొత్త లిథియం సెల్ 1.8 వోల్టుల దగ్గర మొదలవుతుంది, కొన్ని గడియారాలకి అది సరిపడదు. రీచార్జబుల్ నడుస్తుంది గానీ ఏడాదికోసారి చార్జి పెట్టడానికి అంత ఖరీదు ఎందుకు? ఆల్కలైన్ ఒకటి చాలు. సెకన్ల ముల్లు తొమ్మిది దగ్గర పైకెక్కలేక అక్కడక్కడే కొట్టుకుంటుంటే సెల్ మార్చాల్సిన వేళయింది. అప్పటికి దాన్ని తియ్యకుండా నెలలు వదిలేస్తే గడియారం వెనక కూడా అదే తెల్లపొడి.