థండర్‌బర్డ్‌లో పాత ఖాతా తీసేయడం: ఆ రెండో టిక్కు గురించే ఈ సమీక్ష

థండర్‌బర్డ్ ఎలా ఉంటుంది, ఎలా పెట్టుకోవాలి లాంటివి నేను రాయను, అవి అందరికీ తెలిసినవే. గుంటూరు బ్రాడీపేటలో మాది చిన్న ట్యాక్స్ ఆఫీసు, ఏళ్ళ తరబడి ఆఫీసు మెయిల్ అంతా దీన్లోనే నడుస్తోంది, క్లయింట్ల సిస్టమ్‌ల్లో కూడా నేనే పెట్టించా. ఇన్నేళ్ళ వాడకంలో నాకు దీని మీద బాగా అభిమానం కలిగింది మాత్రం ఒక్క చోట, పాత ఖాతా తీసేసేటప్పుడు వచ్చే చిన్న పెట్టె దగ్గర. అందులో రెండు టిక్కులుంటాయి. మొదటిది ఖాతా వివరాలు తీసేయడం, అది ఎలాగూ పడే ఉంటుంది. రెండోది `Remove message data`, అది మనం పెడితేనే పడుతుంది. పెట్టకపోతే ఒక్క మెయిల్ కూడా డిస్క్ మీంచి పోదు. ఆ రెండో టిక్కు వల్లే మా మిర్చి క్లయింట్ లెక్కలు దక్కాయి.

ఆయనది యార్డులో కమీషన్ షాపు. ఎప్పుడో ఒక కుర్రాడి చేత షాపు పేరుతో వెబ్‌సైట్, దాంతోపాటే ఒక మెయిల్ ఖాతా పెట్టించుకున్నారు. ఇప్పుడు వెబ్‌సైట్ ఎవరూ చూడట్లేదు, పార్టీలంతా జీమెయిల్‌కే పంపుతున్నారు, అందుకని హోస్టింగ్‌కి ఇంక డబ్బు కట్టననేశారు. నేను స్టాక్ స్టేట్‌మెంట్ కోసం వెళ్తే "ఆడిటర్ గారూ, ఆ పాతదేదో పొద్దున్నే పాస్‌వర్డ్ అడుగుతా ఉంది, తీసి పారేయండి, ఎట్టాగూ అంతా నెట్‌లో ఉంటదిగా" అన్నారు.

ఎట్టాగూ నెట్‌లో ఉంటుందన్న ఆ మాట దగ్గరే అసలు కథంతా ఉంది. ఉంటుందా లేదా అన్నది ఖాతా ఏ రకం అన్నదాన్ని బట్టి ఉంటుంది, అది తెలుసుకోవడం చాలా తేలిక, అకౌంట్ సెట్టింగ్స్‌లో సర్వర్ సెట్టింగ్స్ తెరిస్తే పైనే ఐమ్యాప్ అనో పాప్ అనో రాసి ఉంటుంది. ఐమ్యాప్ అయితే అసలు మెయిల్స్ సర్వర్‌లో ఉంటాయి, మన సిస్టమ్‌లో ఉన్నది నకలు, కాబట్టి ఖాతా తీసేసినా, రెండో టిక్కు పెట్టి మరీ తీసేసినా, వెబ్‌మెయిల్ తెరిస్తే అన్నీ అక్కడే ఉంటాయి. పాప్ అయితే మెయిల్స్ మన డిస్క్ మీదకి దిగిపోతాయి, సర్వర్‌లో కాపీ మిగలాలంటే `Leave messages on server` అని విడిగా ఒక ఆప్షన్ ఉండాలి, దాని కింద ఎన్ని రోజులు ఉంచాలో కూడా ఉంటుంది.

ఈయనది పాప్. ఉంచమన్న ఆప్షన్ పెట్టే ఉంది గానీ దాని కింద 14 రోజులు అని కూడా టిక్కు ఉంది, ఆ కుర్రాడు ఉన్నదున్నట్టు వదిలేసినట్టున్నాడు. నమ్మకం కుదరక బ్రౌజర్‌లో వెబ్‌మెయిల్ తెరిచి చూశా. మొన్నటి రెండు వారాల మెయిల్స్, అందులోనూ సగం ప్రకటనలు, అంతే. 2017 జూలైలో జీఎస్టీ వచ్చిన దగ్గర్నుంచి పార్టీలు పంపిన బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, లారీ రసీదుల స్కాన్లు అన్నీ ఆ పాత పీసీలోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. జీఎస్టీలో లెక్కలూ రికార్డులూ ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి కదా, అంటే ఆయన పారేయమన్న దాంట్లో సగం ఇంకా చట్టప్రకారం ఉండాల్సిందే. ఆయనకి వెబ్‌మెయిల్ చూపించా, చూసి "మరి మిగతాయేయి?" అన్నారు. ఇదిగో ఈ డబ్బాలో ఉన్నాయి అని సీపీయూ చూపించా.

సరే, ముందు లోకల్ ఫోల్డర్స్ కింద పాత షాపు అని ఒక ఫోల్డర్ చేసి, ఇన్‌బాక్స్ తెరిచి కంట్రోల్ ఏ కొట్టి, కుడి క్లిక్‌లో కాపీ టు ఇచ్చా. మూవ్ కాదు, కాపీ. అయ్యాక రెండు ఫోల్డర్ల ప్రాపర్టీస్‌లో మెయిల్స్ సంఖ్య సరిపోయిందో లేదో చూసుకోవాలి, మధ్యలో ఆగిపోతే అక్కడే తేడా తెలిసిపోతుంది. సెంట్ ఫోల్డర్‌కీ అంతే. ఆ తర్వాత అకౌంట్ యాక్షన్స్‌లో రిమూవ్ అకౌంట్ నొక్కి రెండో టిక్కు ఖాళీగా వదిలేసి తీసేశా. అంతా కాపీ చేశాం కదా ఇంకా వదలడం ఎందుకు అని మా జూనియర్ అడిగాడు, జాగా ఏమన్నా తక్కువైందా ఉండనీ అన్నా.

కొన్నాళ్ళకి ఆయన నుంచి ఫోను, బ్యాంకు వాళ్ళ పాత లోన్ మెయిల్స్ కనపడట్లేదని. వెళ్ళి చూస్తే నిజమే, కాపీ చేసిన దాంట్లో లేవు. ఇన్‌బాక్స్ లోపల బ్యాంకు పేరుతో ఒక సబ్ ఫోల్డర్ ఉండేదట, పక్కన బాణం మూసి ఉంటే అది కనపడదు, ఇన్‌బాక్స్‌లో కంట్రోల్ ఏ కొడితే దాంట్లోవి రావు కూడా. రెండో టిక్కు గనక పెట్టి ఉంటే అక్కడితో కథ ముగిసేది. పెట్టలేదు కాబట్టి, షాపు బోర్డు పీకేసినా గోడౌన్‌లో సరుకు అలాగే ఉన్నట్టు, అన్నీ డిస్క్ మీదే ఉన్నాయి. విండోస్‌లో ఇది రన్ బాక్స్‌లో కొడితే ప్రొఫైల్స్ ఫోల్డర్ తెరుచుకుంటుంది:

```
%APPDATA%\Thunderbird\Profiles
```

అందులో ప్రొఫైల్, దాంట్లో `Mail`, దాంట్లో పాత సర్వర్ పేరుతో ఒక ఫోల్డర్. ఐమ్యాప్ ఖాతా అయితే `Mail` బదులు `ImapMail`లో చూడాలి. లోపల ప్రతి మెయిల్ ఫోల్డర్‌కీ రెండు ఫైళ్ళుంటాయి, `Inbox` అని ఎక్స్‌టెన్షన్ లేనిది ఒకటి, `Inbox.msf` అని ఒకటి. మెయిల్స్ మొత్తం మొదటిదాంట్లోనే ఉంటాయి, రెండోది ఉత్త సూచిక. సబ్ ఫోల్డర్లు `Inbox.sbd` అనే ఫోల్డర్‌లో ఉంటాయి, బ్యాంకు ఫైలు దొరికింది అక్కడే. థండర్‌బర్డ్ పూర్తిగా మూసేసి, ఆ ఎక్స్‌టెన్షన్ లేని ఫైలుని `Mail` లోపలున్న `Local Folders`లో కాపీ చేసి, మళ్ళీ తెరిస్తే లోకల్ ఫోల్డర్స్ కింద బ్యాంకు ఫోల్డర్ ప్రత్యక్షం, మెయిల్స్, అటాచ్‌మెంట్లతో సహా. `.msf` తేనక్కర్లేదు, అదే తయారుచేసుకుంటుంది. ఒకటే జాగ్రత్త, అక్కడ అదే పేరుతో ఇంకో ఫైలు ఉంటే దాని మీద పడుతుంది, అందుకని ముందే పేరు మార్చి పెట్టాలి. ఆయన ముఖం చూడాలి, ఆ రోజు నాకు పునుగులు, టీ కూడా వచ్చాయి.

అంత పొగిడాక ఇది కూడా చెప్పాలి. ఆ పెట్టెలో ఇది పాపా ఐమ్యాపా అన్నది పేరు పెట్టి చెప్పదు. రెండో టిక్కు కింద రాసింది ఓపిగ్గా చదివితే హెచ్చరిక ఉంటుంది, కానీ మన షాపుల్లో ఎవరు చదువుతారండీ. డేటా ఎక్కడుందో చూపించే బటన్ కూడా ఆ పెట్టెలోనే ఉంది, అది ముందే నొక్కి ఫోల్డర్ చూసుకుంటే సగం గొడవ తీరుతుంది, నేను ఇప్పుడు నొక్కకుండా ఏదీ తీయను. పైగా టిక్కు పెట్టకుండా తీసేసిన డేటా డిస్క్ మీద అలా పడి ఉంటుంది, ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ గుర్తుచేయదు, అదే ఖాతా మళ్ళీ కలిపినా పాత ఫోల్డర్‌ని వాడుకోకుండా పక్కన `-1` తగిలించి కొత్తది తెరుస్తుంది. ఆ పీసీ ఎవరికన్నా అమ్మితే ఆ మెయిల్స్ కూడా వాళ్ళకి వెళ్తాయి, అది గుర్తుంచుకుని తర్వాత చేత్తో తీసేయాలి.

ఖాతా తీశాక కూడా మిగిలేవి ఇంకొన్ని ఉన్నాయి. మెయిల్ పంపే సర్వర్ వివరాలు అవుట్‌గోయింగ్ సర్వర్ లిస్టులో అలాగే కనపడ్డాయి, దాని పాస్‌వర్డు కూడా సేవ్డ్ పాస్‌వర్డ్స్‌లో `smtp://`తో మొదలయ్యే లైనుగా ఉంది, రెండూ నేనే తీయాల్సొచ్చింది. అడ్రస్ బుక్‌లో పోగైన అడ్రస్‌లు కూడా పోవు, అది ఒకరకంగా మంచిదే.

ఐమ్యాప్ వాళ్ళు మాత్రం దీనికి సరిగ్గా వ్యతిరేకమైన చోట దెబ్బ తింటారు. మా జూనియర్ సొంత జీమెయిల్‌ని ఆఫీసు సిస్టమ్‌లోంచి తీసేయాలనుకుని, తీసే ముందు శుభ్రం చేద్దామని ఇన్‌బాక్స్‌లో మెయిల్స్ ఎంచుకుని డిలీట్ కొడుతున్నాడు. ఇంతలో వాడి ఫోన్లో కూడా మెయిల్స్ మాయమవుతున్నాయి. అవ్వవూ మరి, ఐమ్యాప్‌లో మెయిల్ డిలీట్ చేస్తే సర్వర్‌లోనే డిలీట్ చేసినట్టు, ఖాతా తీసేస్తే మాత్రం ఈ సిస్టమ్ వరకే. జీమెయిల్ ట్రాష్‌లో 30 రోజులుంటాయి కాబట్టి అన్నీ వెనక్కి తెచ్చుకున్నాడు. మెయిల్స్‌ని లోకల్ ఫోల్డర్స్‌లోకి మూవ్ చేసినా ఇదే కథ, సర్వర్‌లోంచి పోతాయి. ఐమ్యాప్ ఖాతా తీయాలంటే ఏమీ ముట్టుకోకుండా ఖాతానే తీసేయడం మేలు. ఆ తర్వాత గూగుల్ ఖాతాలోకెళ్ళి థండర్‌బర్డ్‌కి ఇచ్చిన అనుమతి కూడా రద్దు చేయించా, థండర్‌బర్డ్‌లో తీసినంత మాత్రాన అక్కడ అది పోదు. ఖాతాకి మెయిల్స్ రావడం కూడా ఆగదు, అది మూయాలంటే అక్కడికెళ్ళే మూయాలి.

ఇంకొకటి, ఐమ్యాప్‌లో నెట్‌లో ఉంటుంది అన్నది హోస్టింగ్‌కి డబ్బు కడుతున్నంత కాలమే. అది ఆపేసే ఉద్దేశం ఉంటే ఐమ్యాప్‌ని కూడా నేను పాప్ లాగానే చూస్తా, లోకల్ ఫోల్డర్స్‌లోకి కాపీ అయ్యాకే రెన్యువల్ వదిలేయమని చెప్తా.

నా మటుకు నాకు ఇది వదిలే సాఫ్ట్‌వేర్ కాదు, అయితే నా దగ్గరకొచ్చేవన్నీ పాత పీసీలు, పాత పాప్ ఖాతాలు, ఆరేళ్ళ లెక్కలు దాచాల్సిన షాపులు. ఫోన్లో ఒక్క జీమెయిల్ పెట్టుకుని బతికేవాళ్ళకి ఈ రెండో టిక్కు పెట్టినా పెట్టకపోయినా పెద్ద తేడా ఏమీ ఉండదు.