వంద రూపాయల చీటీ ఎప్పటికప్పుడు వాడుకోవడమా, మూడు దాచి ఫేషియల్ చేయించుకోవడమా: ఏది మేలు?

కౌంటర్ సొరుగులో నా దగ్గర ఐదు లాంగ్ నోటుబుక్కులున్నాయి. పార్లర్ తెరిచిన రోజు నుంచి ఎవరొచ్చారు, ఏం చేయించుకున్నారు, ఎంత ఇచ్చారు, అన్నీ వాటిలోనే రాస్తున్నాను. ఈ ఉగాదికి తొమ్మిదేళ్లు నిండాయని మొన్న ఆ పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. మొదటి పేజీలో ఉన్న 11 పేర్లలో 7 పేర్లు ఐదో పుస్తకంలో కూడా కనిపించాయి. అందులో మన సత్యనారాయణపురం టీచర్ గారొకరు. మూడు వారాలకోసారి వచ్చి కనుబొమలకీ పై పెదవికీ థ్రెడింగ్ చేయించుకుని 80 రూపాయలిచ్చి వెళ్తారు. 2020లో లాక్‌డౌన్ అయ్యాక మళ్లీ షట్టర్ ఎత్తిన రోజు మొదట మెట్లెక్కింది ఆవిడే. "పై పెదవి వద్దమ్మా, మాస్కు తియ్యను, కనుబొమలు చాలు" అని కుర్చీలో కూర్చున్నారు. ఆ రోజు మొత్తానికీ నాకొచ్చిన బేరం అదొక్కటే.

మీ అందరికీ ధన్యవాదాలు చెప్పాలనుకున్నప్పుడు నేను ముందు ఆలోచించింది ఆ 80 రూపాయల బిల్లు గురించే. కొత్తవాళ్లని తీసుకొస్తే మీకు ఏదైనా ఇవ్వాలి, అది ఆ బిల్లు కట్టేవాళ్లకి కూడా పనికిరావాలి. అలా ఆలోచించి పెట్టిన పద్ధతి ఇది.

మీరు పంపిన మనిషి మన దగ్గరికి మొదటిసారి వచ్చి 300 రూపాయలు, ఆపైన ఏ పని చేయించుకున్నా ఆవిడ బిల్లులో 100 తగ్గిస్తాను. మీకు 100 రూపాయల చీటీ ఒకటి ఇస్తాను. ఆ చీటీ మీరు దేనికైనా వాడుకోవచ్చు, మీ బిల్లు ఇంత ఉండాలన్న లెక్కేమీ లేదు. 80 రూపాయల థ్రెడింగ్‌కి వాడితే మిగిలిన 20 పుస్తకంలో మీ పేరు పక్కన రాసి పైసారికి తీసేస్తాను. లేదా చీటీలు దాచుకోండి. మూడు పోగయ్యాక అవి ఇచ్చేసి ఒక ఫ్రూట్ ఫేషియల్ ఉచితంగా చేయించుకోవచ్చు. మన బోర్డు మీద దాని ధర 800.

పర్సెంటేజీ ఎందుకు పెట్టలేదని ఇద్దరు ముగ్గురు అడిగారు. 20 శాతం తగ్గింపు అని బోర్డు పెడితే చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ టీచర్ గారి 80 రూపాయల మీద అది 16 రూపాయలు. ఏడాదికోసారి వచ్చి 4,500 పెట్టి స్ట్రెయిటెనింగ్ చేయించుకునే అమ్మాయికి 900. పోనీ ఆ స్ట్రెయిటెనింగ్‌లో నాకు అంత మిగులుతుందా అంటే, క్రీముకీ న్యూట్రలైజర్‌కీ పోయేదే ఎక్కువ. ఎక్కువసార్లు వచ్చేవాళ్లకి తక్కువ, ఎప్పుడో వచ్చేవాళ్లకి ఎక్కువ ఇవ్వడం నాకు నచ్చలేదు. అందుకే అందరికీ ఒకటే 100.

ఇక అసలు ప్రశ్న. మూడు చీటీలు విడివిడిగా వాడుకుంటే 300, దాచుకుంటే 800 రూపాయల ఫేషియల్. పైకి చూస్తే దాచుకోవడమే లాభం. నా మాట అడిగితే మాత్రం, మీలో సగం మందికి పైగా ఎప్పటికప్పుడు వాడుకోవడమే మేలు. ఎందుకో చెప్తాను.

మొదటిది, మీరు మామూలుగా ఫేషియల్ చేయించుకుంటారా లేదా అన్నది చూసుకోండి. రెండు నెలలకోసారి ఎలాగూ చేయించుకునేవాళ్లకి ఇది నిజంగా 800 మిగులు. ఎప్పుడూ చేయించుకోనివాళ్లకి చేతికి మిగిలేది ఏమీ లేదు, అది ముచ్చట తీర్చుకోవడం. ముచ్చట తీర్చుకోవడం తప్పని అనను. కానీ మూడు వారాలకోసారి థ్రెడింగ్‌కి, నెలన్నరకోసారి రూట్ టచప్‌కి వచ్చే మనిషికి చీటీలే నేరుగా పర్సులో మిగిలే డబ్బు. జుట్టు నెలకి సుమారు సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి నెలన్నరకి పాపిట దగ్గర తెలుపు బయటపడక మానదు. టచప్‌కయ్యే ఆ 700 ఖర్చు తప్పనిదే. తప్పని ఖర్చులో తగ్గిన వందే నాకు లెక్కలోకొస్తుంది.

రెండోది చర్మం. మొటిమలు ఎర్రగా, చీముతో ఉన్నప్పుడు నేను ఫేషియల్ చెయ్యను. స్క్రబ్బూ, ఆవిరీ, ఇరవై నిమిషాల మసాజూ వాటిని ఇంకా రేపుతాయి. మీకు అలా ఉంటే మూడు చీటీలు దాచి తెచ్చినా "ఇప్పుడు వద్దమ్మా, తగ్గాక రండి" అని వెనక్కి పంపాల్సి వస్తుంది. ఈలోపు చీటీ గడువు దాటితే నాకే బాధ. అలాంటివాళ్లు ఫేషియల్ ఆలోచన పెట్టుకోకుండా చీటీలు హెయిర్ కట్‌కో, వాక్సింగ్‌కో వాడేసుకోండి.

మూడోది రోజులు. ఫేషియల్ సోమవారం నుంచి గురువారం దాకానే, అదీ పెళ్లి ముహూర్తాలు లేని రోజుల్లో. 300 రూపాయల చీటీలకి 800 రూపాయల పని ఎలా ఇస్తున్నానో దాచకుండా చెప్తాను. ఒక ఫ్రూట్ ఫేషియల్‌కి నాకు సామానుకయ్యేది 150 నుంచి 200 రూపాయలు. మిగతాదంతా గంటా పది నిమిషాల సమయం. మంగళవారం పూట జుట్టు కత్తిరించుకోకూడదని చాలామంది రారు, మధ్యాహ్నం కుర్చీలు ఖాళీగానే ఉంటాయి. ఆషాఢంలో, మూఢంలో అయితే వారమంతా అంతే. ఆ ఖాళీ గంట మీకివ్వడం నాకు బరువు కాదు. అదే ఆదివారమో, పెళ్లి ముహూర్తం ఉన్న రోజో ఆ గంట ఇస్తే, అపాయింట్‌మెంట్ తీసుకుని వచ్చిన మీలోనే ఇంకొకరు బయట బెంచీ మీద కూర్చోవాలి. ఆఫీసుకి వెళ్లి ఆదివారం తప్ప ఖాళీ దొరకనివాళ్లకి కాబట్టి ఫేషియల్ పనికిరాదు. చీటీ ఏ రోజైనా చెల్లుతుంది.

అలా బయట బెంచీ మీద కూర్చోబెట్టిన తప్పు ఒకసారి చేశాను. కొన్నేళ్ల క్రితం ఒక కూపన్ కంపెనీవాళ్లు వచ్చి సగం ధరకి ఫేషియల్ అమ్మిపెడతామన్నారు. 800లో సగం 400, అందులోంచి వాళ్ల వాటా పోగా నాకు 260 వచ్చేది. రెండు నెలల్లో 41 మంది వచ్చారు. పుస్తకం తిరగేస్తే వాళ్లలో రెండోసారి వచ్చినవాళ్లు ముగ్గురే. డబ్బు పోవడం కంటే నన్ను బాధపెట్టింది, ఆ రెండు నెలలూ పాతవాళ్లు పూర్తి ధర కట్టి మరీ ముప్పావుగంట ఎదురుచూడటం. మీరు పంపేవాళ్లు అలా కాదు. మీ వీధిలోనో, మీ స్కూల్లోనో ఉండేవాళ్లు, బాగుంటే మళ్లీ వస్తారు. ఆ కంపెనీకి పోయిన డబ్బు మీకు ఇవ్వడమే న్యాయం.

గడువు గురించి కూడా ఒక లెక్క చూడండి. ఒక్కో చీటీ దాని తేదీ నుంచి ఆరు నెలలు చెల్లుతుంది. మీ ఆడపడుచు ఆగస్టు 10న వచ్చింది, మొదటి చీటీ. పక్కింటావిడ సెప్టెంబరు 20న వచ్చింది, రెండోది. మూడో ఆవిడ "సంక్రాంతి అయ్యాక వస్తాను" అంది. మొదటి చీటీ ఫిబ్రవరి 10 దాకా ఉంది కాబట్టి ఆవిడ జనవరి ఆఖరుకి వచ్చినా మీకు ఫేషియల్ దక్కుతుంది. కానీ పండక్కి ఊరెళ్లినవాళ్లు చెప్పిన రోజుకి రావడం కష్టమని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఫిబ్రవరి 11 వస్తే మొదటి 100 పోతుంది. అందుకని నా సలహా, మొదటి చీటీ చేతికొచ్చి మూడు నెలలు దాటినా ఇంకా మూడు పోగవకపోతే ఉన్నవి వాడేసుకోండి. ముందే ఏదో ఒకటి ఎంచుకోవాలన్న షరతేమీ పెట్టలేదు, ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చు.

మీరు పంపే మనిషి విషయంలో కొన్ని మాటలు. ఆవిడ ఫోన్ నంబరు నాకివ్వకండి, నేను ఫోన్ చెయ్యను. చీటీకి జోడుగా ఒక కాగితం ఉంటుంది, అది ఆవిడకే ఇవ్వండి, రావాలనిపిస్తే వస్తుంది. ఆ కాగితం మీద మీకూ 100, ఆవిడకీ 100 అని రెండూ అచ్చయి ఉంటాయి. ఇది కావాలనే వేయించాను. తనని పంపినందుకు మీకు డబ్బొచ్చిందని తర్వాతెప్పుడో తెలిస్తే ఆవిడ మనసు చివుక్కుమంటుంది. ముందే తెలిస్తే ఇద్దరికీ నవ్వుకునే విషయం. మీ పేరు మాత్రం బిల్లు వెయ్యకముందే చెప్పమనండి. బిల్లయ్యాక ఇద్దరు "నేనే పంపాను" అంటే ఎవరినీ నొప్పించకుండా తేల్చడం నా వల్ల కాదు, ఆవిడ నోటితో చెప్పిన పేరే రాస్తాను.

ఆవిడ రంగు వేయించుకోవడానికి వస్తుంటే ఇది చెప్పండి. మన దగ్గర మొదటిసారి రంగు అయితే ముందు చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు చూస్తాం. దురద, వాపు, ఎర్రదనం వస్తే రంగు వెయ్యం. అంటే మొదటిరోజు ఆవిడకి బిల్లే ఉండదు. అలాంటప్పుడు మీ చీటీ తేదీ రంగు వేసిన రోజుది అవుతుంది. రంగు పడక వెనక్కి వెళ్లిపోతే, 300 బిల్లు కాకపోయినా సరే, మీ చీటీ మీకిస్తాను. ఆవిడని నమ్మకంగా పంపింది మీరు, వద్దన్నది నేను. అలాగే వ్రతం ముందురోజో, పెళ్లి ముందురోజో మొదటి ఫేషియల్ చేయించుకోమని ఎవరికీ చెప్పకండి. ఎవరి చర్మం ఎలా ఉంటుందో మొదటిసారి తెలియదు, నాలుగు రోజుల ముందు రమ్మనండి.

చీటీలు ఈ సోమవారం నుంచి కౌంటర్ దగ్గర ఉంటాయి. పుస్తకాల్లో కొన్ని పేర్ల పక్కన "ఫలానావారు పంపారు" అని అప్పట్లోనే రాసి పెట్టుకున్నాను. లెక్కపెడితే మీలో 34 మంది నేను ఏమీ ఇవ్వకుండానే, అడగకుండానే మనుషుల్ని పంపారు. ఆ 34 మందికీ తలా ఒక చీటీ రాసి కవర్లలో పెట్టాను, వాటికి గడువు తేదీ వెయ్యలేదు. టీచర్ గారూ, మీది అన్నిటికన్నా పైన ఉంది. మీ మూడు వారాలు వచ్చే గురువారానికి అవుతాయి.