స్వీటు షాపు దీపావళి అంచనాకు FORECAST.ETS: నాలుగు పండగలు వాడి చూశాక

మిఠాయి కొట్టు అమ్మకాలను ముందే లెక్కగట్టడానికి ఎక్సెల్‌లోని FORECAST.ETS ను 2022 దీపావళి నుంచి వాడుతున్నాం. మామూలు రోజుల గిరాకీని ఇది చక్కగా పట్టుకుంటుంది. పండగ లెక్క కూడా దాని మీదే వదిలేస్తే మాత్రం ముంచుతుంది. దానికి తెలిసింది ఇంగ్లీషు క్యాలెండరు, మన గిరాకీ నడిచేది తిథుల మీద.

2026నే తీసుకోండి. గత నాలుగేళ్లలో దీపావళి 2022లో అక్టోబరు 24న, 2023లో నవంబరు 12న, 2024లో అక్టోబరు 31న, 2025లో అక్టోబరు 20న వచ్చింది. నెలవారీ మొత్తాలు ఇచ్చి, సీజన్ 12 అని చెబితే, అక్టోబరే పెద్ద నెల అని తేలుస్తుంది. 2026లో పండగేమో నవంబరు 8న. జోరు మొదలయ్యేది అక్టోబరు 30 ప్రాంతంలో. ఆ అంకెను నమ్మి సరుకు దించితే జీడిపప్పు, నెయ్యి మీద డబ్బు ముందే ఇరుక్కుంటుంది, తీరా పండగ వారంలో ఖాళీ డబ్బాల కోసం వెతుక్కోవాలి. ఇంకో చిక్కు ఉంది. ఈ ఫంక్షన్ పండగ పెరుగుదలను కూడికగా చూస్తుంది. వ్యాపారం పెరిగేకొద్దీ పండగ గిరాకీ కూడా అదే నిష్పత్తిలో పెరగాలని దానికి తోచదు.

అందుకే పని రెండుగా విడగొట్టాం. పండగ రోజుల వరుసలన్నీ తీసేసి, మిగిలిన రోజుల కిలోలను దీనికి ఇస్తాం. రూపాయలు వద్దు, ధర పెంచితే గిరాకీ పెరిగినట్టు కనబడుతుంది.

```
=FORECAST.ETS(A800, C2:C760, A2:A760, 7, 1, 7)
```

మొదటి 7 వారం చక్రం. 1 అంటే ఖాళీ రోజులను పక్క రోజులను బట్టి నింపమని (ఖాళీలు 30 శాతం దాటకూడదు). చివరి 7 మరిచిపోతే అసలుకే మోసం: ఒకే తేదీకి పలు వరుసలుంటే ఇది మామూలుగా సగటు తీస్తుంది, 7 ఇస్తేనే కూడుతుంది. బిల్లుల చిట్టాను అలాగే అతికించిన షీటులో రోజు అమ్మకం ఒకటిన్నర కిలో అని వస్తే కారణం ఇదే. అది సగటు బిల్లు.

పండగకు వేరే కాలమ్: బిల్లు తేదీలోంచి దీపావళి తేదీ తీసేయండి. పండగ రోజు 0, ముందురోజు -1. మాకు -9 నుంచి +1 దాకా, అంటే 11 రోజులు సరిపోయాయి. ఉదాహరణకు 2023లో ఆ 11 రోజుల్లో 2,640 కిలోలు పోయాయనుకుందాం, అప్పటి మామూలు రోజు 60 కిలోలు. మామూలుగా అయితే 660 పోవాలి, అంటే 4 రెట్లు. 2026కి ఫంక్షన్ మామూలు రోజుకు 70 కిలోలు చెబితే, 770కి 4 రెట్లు 3,080 కిలోలు. జీఎస్టీ తీసేసిన సగటు ధర కిలో ₹620 అయితే ₹19,09,600.

ఏ ఏడాది రెట్లు తీసుకోవాలన్నది అసలు ప్రశ్న. నాలుగేళ్ల సగటు కన్నా దగ్గరి పోలికే మేలని నా అభిప్రాయం. 2026లో పండగ ఆదివారం, 2023లోనూ ఆదివారమే. రెండింట్లోనూ జీతాలు పడ్డాకే వస్తోంది. కంపెనీల గిఫ్టు బాక్సులు శుక్రవారానికే, అంటే -2 నాటికే చేరాలి. 2025లో సోమవారం పండగ, శుక్రవారం -3 అయింది. ఈ కంపెనీ ఆర్డర్లను మాత్రం రెట్లలో కలపొద్దు. ఒక్క పెద్ద ఆర్డరు వస్తే రెట్లు ఉబ్బుతాయి, మరుసటి ఏడు ఆ కంపెనీ రాకపోతే మొత్తం కూలుతుంది. వాటిని పేరుపేరునా రాసి, అడ్వాన్సు వచ్చాకే కలపాలి.

ఎక్కువ మంది గమనించని తప్పు పాత లెక్కల్లోనే దాగుంటుంది. సరుకు అయిపోయిన రోజు అమ్మకం తక్కువ చూపిస్తుంది, దాన్నే గిరాకీ అనుకుంటాం. ఆ స్వీటు చివరి బిల్లు టైము చూడండి. -1 నాడు కాజు కట్లీ చివరి బిల్లు సాయంత్రం 6కే ఆగి, మిగతా కౌంటరు 10 దాకా నడిచిందంటే తట్ట ఖాళీ అయినట్టే. సరుకు నిండుగా ఉన్న -2 నాడు 6 లోపు 70 శాతం పోయి ఉంటే, -1 నాడు 6 లోపు అమ్ముడైన, అనుకుందాం, 84 కిలోలను 0.7తో భాగించి 120గా దిద్దాలి. -1 నాడు రాత్రి రద్దీ ఇంకా ఎక్కువ కాబట్టి ఇది కూడా తక్కువ అంచనానే, అయినా 84 కన్నా నయం.

వేసవి లెక్కతో నవంబరును చూడొద్దు. నాలుగు నెలల ముందుకు ఇది ట్రెండును గీత గీసినట్టు సాగదీస్తుంది, పెళ్లిళ్ల సీజన్‌లో పెరిగిన అమ్మకాన్నే కొనసాగిస్తుంది. వినాయక చవితి దాటాక మళ్లీ నడిపిన అంకెతోనే సరుకు ఆర్డరు పెడతాం. కొత్త కొట్టుకు రెట్లు తీయడానికి ఒక్క దీపావళైనా గడవాలి. అప్పటిదాకా దసరా 11 రోజుల రెట్లను దీపావళికి వాడబోకండి, దసరాకు ఇంటికి కొంటారు, దీపావళికి పంచడానికి కొంటారు.